“48 గంటలు ఆగాలి” అన్న మాట వెనక ఏముంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాప 28 వారాలకే పుట్టింది. పుట్టినప్పుడు బరువు 1,050 గ్రాములు. ఇవాళ్టికి 13వ రోజు. వెంటిలేటర్ తీసేసి సీపాప్ మీద పెట్టారు. నా పాలు రెండు గంటలకోసారి 8 మిల్లీలీటర్ల దాకా ట్యూబుతో ఇస్తున్నారు, గండం గడిచిందనుకున్నాం. నిన్న సాయంత్రం పొట్ట ఉబ్బిందని, ట్యూబులోంచి ఆకుపచ్చగా వచ్చిందని పాలు ఆపేశారు. గుండె వేగం కూడా పడిపోయిందట. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. ఎక్స్‌రే “స్పష్టంగా లేదు” అన్నారు. నర్సు గ్యాస్ అయి ఉంటుందంది, రాత్రి డాక్టరు ఇన్ఫెక్షన్ కావచ్చన్నారు, పొద్దున పెద్ద డాక్టరు “48 గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం” అన్నారు. మా దగ్గర ఏమైనా దాస్తున్నారా? నా పాల వల్లే ఇలా అయిందా? పాలు పిండటం మానేయాలా? మా పాప బతుకుతుందా? — ఒక తల్లి

సమాధానం: అమ్మా,

ముందుగా నా పరిధి చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఐసీయూలో పనిచేసే డాక్టర్నే అయినా, మీ పాపను నేను చూడలేదు, ఆ ఎక్స్‌రే చూడలేదు, ఆ పొట్ట మీద చెయ్యి వేసి చూడలేదు. అందువల్ల పాపకు వచ్చింది ఫలానా జబ్బు అని నేను చెప్పబూనితే మీకు మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. నేను చెప్పగలిగిందల్లా మీరు విన్న ఆ మూడు మాటల వెనక ఏ ఆలోచన ఉంటుంది, ఆ 48 గంటల్లో లోపల ఏం జరుగుతుంది, దేన్ని బట్టి డాక్టర్లు ఒక నిర్ణయానికి వస్తారు అన్న విషయాలు. ఇది మీరు చదివేసరికి ఆ గడువు దాటిపోయి ఉండవచ్చు గనుక, పాప పరిస్థితి ఏ వైపు తిరిగినా మీకు అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను.

మీరు రాసినదాంట్లో నాకు దాపరికం కనబడలేదు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పినట్టు మీకు వినబడింది గానీ, నిజానికి ఆ ముగ్గురి మనసులోనూ ఉన్న జాబితా ఒక్కటే. ఇంత చిన్న పాపకు పొట్ట ఉబ్బి, ట్యూబులోంచి ఆకుపచ్చ రంగు నీరు వచ్చి, గుండె వేగం పడిపోయిందంటే దానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉండవచ్చు. పేగుల్లో గాలి చేరి కదలిక మందగించి ఉండవచ్చు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరి, దాని ప్రభావం పేగుల మీద పడి ఉండవచ్చు. లేదా పేగు గోడకే వాపు వచ్చి ఉండవచ్చు. దీన్ని నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అంటారు, ఐసీయూలో పొట్టిగా “నెక్” అంటారు. మొదటి కొన్ని గంటల్లో ఈ మూడూ ఒకే తీరుగా కనబడతాయి. నర్సు ఆ జాబితాలో అన్నిటికన్నా తేలికైనది మీకు ధైర్యం కోసం చెప్పింది, రాత్రి డాక్టరు తాను వెంటనే మందు మొదలుపెట్టవలసిన దాని గురించి చెప్పారు, పెద్ద డాక్టరు ఏ ఒక్కదానికీ మొగ్గకుండా గడువు చెప్పారు. ముగ్గురూ ఒక్కచోట నిలబడి ఈ జాబితా మొత్తం మీ ముందు పెట్టి ఉంటే బాగుండేది. అలా జరగకపోవడం లోపమే, కానీ అది మోసం మాత్రం కాదు.

నేనే అక్కడి డాక్టర్నైతే ఈ ఉదయం మిమ్మల్ని కూర్చోబెట్టి ఇలా చెప్పి ఉండేదాన్ని: “పాపకు నిన్న సాయంత్రం నుంచి బాగా లేదు. నాకు తెలిసింది ఇది: పొట్ట ఉబ్బింది, కానీ నొక్కితే మెత్తగానే ఉంది, రక్తపోటు సరిగానే ఉంది, సీపాప్‌తో ఊపిరి తీసుకోగలుగుతోంది. నాకు తెలియనిది ఇది: ఇది వట్టి గ్యాసా, ఇన్ఫెక్షనా, పేగు వాపా అన్నది. నేను ఎక్కువ భయపడుతున్నది పేగు వాపు గురించి. అది ఉందన్న రుజువు ఈ ఉదయానికి లేదు, లేదని చెప్పడానికి కూడా నా దగ్గర రుజువు లేదు. అందుకని అదే అయి ఉంటే ఏం చేయాలో అవన్నీ ఇప్పుడే మొదలుపెట్టాం. సాయంత్రం మరో ఎక్స్‌రే తీశాక మళ్ళీ మాట్లాడతాను. ఈలోగా ఏమాత్రం తేడా వచ్చినా అంతదాకా ఆగకుండా మీకు ఫోను చేస్తాం.” ఇందులో మెత్తదనం, రక్తపోటు గురించి చెప్పినవి ఉదాహరణకే, మీ పాప విషయంలో అవి ఎలా ఉన్నాయో మీరు అక్కడి డాక్టర్నే అడగాలి. ఆ రెండూ తప్పకుండా అడగవలసినవి.

ఇప్పుడు ఆ మూడు కారణాల్లోకి కొంచెం లోతుగా వెళదాం. సీపాప్ అంటే ముక్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో గాలిని నిరంతరం పంపి, ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలితిత్తులు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచే ఏర్పాటు. ఆ గాలి అంతా ఊపిరితిత్తుల్లోకే వెళ్ళదు, కొంత అన్నవాహికలోంచి పొట్టలోకీ దిగుతుంది. ఈ పిల్లల పొట్ట చర్మం ఎంత పలచగా ఉంటుందంటే లోపలి పేగుల మెలికలు పైకి తేలి కంటికి కనబడతాయి. దానికి తోడు పేగులు పాలను ఒక క్రమంలో ముందుకు నెట్టే నేర్పు కడుపులో ఉన్న పిల్లలకు కూడా 32 నుంచి 34 వారాలకు గానీ సరిగా రాదు. మీ పాపకు ఇప్పుడు అటూఇటుగా 30 వారాలు. అందువల్ల పొట్ట ఉబ్బడం సీపాప్ మీద ఉన్న పిల్లల్లో మేము తరచుగా చూసేదే, అది ఒక్కటే అయి ఉంటే నేనూ నర్సు మాటే చెప్పేదాన్ని. ఆకుపచ్చ రంగు మాత్రం పైత్యరసానిది. కదలిక మందగించినా, ట్యూబు కొస జారి పొట్ట దాటి పేగు మొదట్లోకి వెళ్ళినా అది రావచ్చు, పేగు వాచినా రావచ్చు, పేగులో అడ్డు ఏర్పడినా రావచ్చు. ఆ రంగు కనబడ్డాక పాలు ఆపకుండా ఊరుకునే డాక్టరు అరుదు, ఆపడమే సరైన పని.

గుండె వేగం పడిపోవడం గురించి కూడా ఒక మాట. ఈ వయసు పిల్లల మెదడులో ఊపిరిని నడిపే భాగం ఇంకా పక్వానికి రాకపోవడం వల్ల మధ్యమధ్య ఊపిరి తీయడం ఆగిపోతుంది, దాని వెంటే గుండె వేగం తగ్గుతుంది, మానిటర్ మోగుతుంది. 20 సెకన్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి ఆగినా, అంతకన్నా తక్కువసేపు ఆగి గుండె వేగమో ఆక్సిజనో పడిపోయినా దాన్ని ఆప్నియా అంటాం. దీనికే మీ పాపకు బహుశా రోజూ కెఫీన్ మందు ఇస్తూ ఉంటారు. మామూలుగా రోజుకు ఒకటో రెండో వచ్చే పాపకు నిన్న కూడా అన్నే వస్తే దానికి పెద్ద అర్థం లేదు. రెండు రోజులుగా ఒక్కటీ రాని పాపకు ఒక్క పూటలో నాలుగు వస్తే మాత్రం అది ఒంట్లో ఏదో జరుగుతోందని చెప్పే తొలి సూచన. నర్సు చార్టులో ప్రతి ఆప్నియా పక్కనా ఇంకో సంగతి రాసి ఉంటుంది: పాప దానంతటదే తేరుకుందా, పాదం మీద తడితే తేరుకుందా, మాస్కు పెట్టి బ్యాగుతో గాలి ఇవ్వవలసి వచ్చిందా అని. ఎన్నిసార్లు వచ్చింది అన్నదానికన్నా ఈ సంగతే నాకు ఎక్కువ చెబుతుంది.

ఇక నెక్ గురించి దాచకుండా చెబుతాను. 1,500 గ్రాముల లోపు బరువుతో పుట్టిన పిల్లల్లో దాదాపు నూటికి 5 నుంచి 10 మందికి ఇది వస్తుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో కాక, పాలు మొదలై కొంత పెరిగాక, ఎక్కువగా రెండో మూడో వారాల్లో వస్తుంది. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది. అందుకే అక్కడివాళ్ళు అంత తొందరగా పాలు ఆపి, మందులు మొదలుపెట్టారు. పేగు గోడ వాచి, తీవ్రమైతే అందులో కొంత భాగం రక్తం అందక చచ్చుబడిపోవచ్చు. దీనికి ఒకే ఒక్క కారణమంటూ లేదు. పక్వానికి రాని పేగు, అందులో చేరే సూక్ష్మజీవులు, వాటిని ఎదుర్కోవడంలో ఒంటికి ఇంకా రాని అదుపు, ఇవన్నీ కలిసి తెచ్చిపెట్టే జబ్బు ఇది.

మీ పాలు ఈ జబ్బును తెచ్చేవి కావు, దాన్ని తగ్గించేవి. డబ్బాపాలతో పోలిస్తే తల్లిపాలు తాగే నెలలు నిండని పిల్లల్లో నెక్ తక్కువగా వస్తుందన్నది ఈ రంగంలో బాగా రుజువైన విషయాల్లో ఒకటి. తక్కువగా వస్తుందంటే అసలు రాదని కాదు, తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లలకూ ఒక్కోసారి వస్తుంది. అలా వచ్చినప్పుడు ఆ తల్లి తిన్నదేదో, తాగినదేదో, వేసుకున్న మాత్రేదో దానికి కారణమని వెతుక్కోవడంలో న్యాయం లేదు. పాలు ఆపారంటే పాలలో దోషం ఉందని కాదు, వాచి ఉండవచ్చన్న పేగుకు పని తగ్గించారు, అంతే. కాబట్టి దయచేసి పిండటం మానకండి. ఇదివరకు లాగే రోజుకు ఎనిమిది సార్ల దాకా, రాత్రిపూట కనీసం ఒకసారైనా పిండుతూ ఉండండి. పాలు రొమ్ములో నిలవ ఉండిపోతే కొద్ది రోజుల్లోనే ఉత్పత్తి తగ్గిపోతుంది, తగ్గినదాన్ని మళ్ళీ తెచ్చుకోవడం చాలా కష్టం. పిండిన ప్రతి సీసా మీద తేదీ, వేళ రాసి అక్కడివాళ్ళు చెప్పినట్టు ఫ్రీజర్‌లో దాచండి. పాలు మళ్ళీ మొదలుపెట్టే రోజు వచ్చినప్పుడు మొదట అడిగేది వాటినే. ఆందోళన వల్ల ఈ రెండు రోజులు పాలు తక్కువ వస్తే దానికి మీరు కంగారు పడవద్దు, పిండే వేళలు తప్పకుండా చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఆ 48 గంటల సంగతి. అది డాక్టరు నోటికి వచ్చిన అంకె కాదు. యాంటీబయాటిక్ ఇచ్చేముందు పాప నుంచి కొద్దిగా రక్తం తీసి కల్చర్ సీసాలో వేసి ఉంటారు. ఆ రక్తంలో సూక్ష్మజీవులు ఉంటే అవి సీసాలో పెరిగి, యంత్రం పసిగట్టేంత సంఖ్యకు చేరాలి. నేలలో వేసిన విత్తనం మొలక పైకి కనబడేదాకా ఉందో లేదో చెప్పలేనట్టే, ఇక్కడా ఎంత పెద్ద డాక్టరైనా చేయగలిగింది ఎదురుచూడటమే. పెరిగేవైతే చాలావరకు 36 నుంచి 48 గంటల్లోపే పెరుగుతాయి. అయితే ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. కిలో బరువున్న పాప నుంచి తీయగలిగే రక్తం ఒక మిల్లీలీటరు, ఒక్కోసారి అంత కూడా ఉండదు. అంత తక్కువ రక్తంలో సూక్ష్మజీవి పడకపోయే అవకాశం ఉంటుంది. అందుకే కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా, పాపను చూస్తే ఇన్ఫెక్షన్‌లాగే ఉందనిపిస్తే యాంటీబయాటిక్ కొనసాగిస్తారు. “కల్చర్ నెగెటివ్ అన్నారు, మళ్ళీ మందు ఎందుకు?” అని మీకు అనుమానం రావచ్చు, దానికి జవాబు ఇదే.

సీఆర్‌పీ అనే రక్తపరీక్ష కూడా చేసి ఉంటారు. ఇన్ఫెక్షన్ మొదలైన పది పన్నెండు గంటలకు గానీ అది పైకి లేవదు, కాబట్టి మొదటిసారి మామూలుగా ఉందంటే దాన్ని పట్టుకుని సంతోషించలేం. ఒక రోజు తేడాతో చేసిన రెండు పరీక్షలూ మామూలుగా ఉంటే మాత్రం అది నిజంగా ధైర్యమిచ్చే మాట. రక్తంలో ప్లేట్‌లెట్లు ఎలా ఉన్నాయో కూడా చూస్తారు. అవి ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య గబగబా పడిపోతుంటే మాకు ఆందోళన పెరుగుతుంది.

ఎక్స్‌రే “స్పష్టంగా లేదు” అన్న మాట మిమ్మల్ని బాగా కలవరపెట్టి ఉంటుంది గనుక దాన్ని విడమరిచి చెబుతాను. ఆ ఫిల్ములో మేము వెతికేది ప్రధానంగా పేగు గోడ లోపల సన్నని గాలి బుడగలు ఉన్నాయా అని. అవి కనబడితే నెక్ అని ఖాయంగా చెప్పవచ్చు. కాలేయంలోని రక్తనాళాల్లో గాలి కనబడినా అంతే. పేగు బయట, పొట్ట కుహరంలో గాలి కనబడితే పేగుకు చిల్లు పడిందని అర్థం. చిక్కు ఎక్కడంటే, పేగు లోపలి మలంలో కలిసిపోయిన గాలి కూడా అచ్చం గోడలోని బుడగల్లాగే చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. అనుభవమున్న ఇద్దరు డాక్టర్లు ఒకే ఫిల్ము చూసి ఒకరు అవునని, ఒకరు కాదని అనుకోవడం మేము చూస్తూనే ఉంటాం. అందుకే మొదటి రోజున ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. మలంలోని గాలి అయితే అది ముందుకు జరిగిపోతుంది, ఉబ్బిన పేగు మెలికలు తమ చోటూ ఆకారమూ మార్చుకుంటాయి. ఒకే మెలిక ఒక ఫిల్ము తరువాత ఇంకో ఫిల్ములో అదే చోట, అదే ఆకారంలో బిగుసుకుని ఉంటే అది మంచి సూచన కాదు. ఇన్ని ఎక్స్‌రేల వల్ల పాపకు హాని అని ఎవరైనా అంటే భయపడకండి. ఒక్కొక్క దానిలో రేడియేషన్ చాలా తక్కువ, చిల్లు పడిన సంగతి ఆలస్యంగా తెలియడంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

వీటన్నిటితో పాటు చెయ్యి, కన్ను చేసే పరీక్ష నడుస్తూనే ఉంటుంది. బొడ్డు దగ్గర టేపు పెట్టి పొట్ట చుట్టుకొలత రాస్తారు. పొట్ట మెత్తగా ఉందా బిగిసిందా, ముట్టుకుంటే పాప ముఖం నొప్పితో ముడుచుకుంటోందా, పొట్ట చర్మం ఎర్రగానో నీలంగానో మారుతోందా, మలంలో రక్తం ఉందా అని చూస్తారు. నోటిలోంచి పొట్టలోకి వేసిన ట్యూబును తెరిచి ఉంచి, గాలీ ద్రవమూ బయటికి వచ్చేలా చేస్తారు. ఆ ద్రవం రంగు మీకు కూడా కనబడుతుంది.

మీ పాపలాంటి పాపకు ఈ రెండు రోజులు ఎలా నడవవచ్చో రెండు విధాలుగా ఊహించి చెబుతాను. ఒక విధంగా అయితే, పాలు ఆపిన ఆరేడు గంటలకే ట్యూబులోంచి వచ్చే నీటి రంగు ఆకుపచ్చ నుంచి లేత పసుపుకు, ఉదయానికి దాదాపు నీళ్ళ రంగుకు మారుతుంది. రాత్రి నాలుగుసార్లు వచ్చిన ఆప్నియా పగలు ఒక్కసారి వస్తుంది. రెండో ఎక్స్‌రేలో పేగు మెలికలు కదిలి ఉంటాయి, మర్నాటి సీఆర్‌పీ మామూలుగా ఉంటుంది, 48 గంటలకు కల్చర్‌లో ఏమీ పెరగదు. అప్పుడు యాంటీబయాటిక్ ఆపేసి, రెండు మూడు గంటలకోసారి ఒక మిల్లీలీటరు చొప్పున పాలు మళ్ళీ మొదలుపెడతారు. అలాంటప్పుడు కూడా అసలు ఏం జరిగిందో కచ్చితంగా ఎప్పటికీ తేలకపోవచ్చు, “కదలిక మందగించి ఉంటుంది” అన్నదే చివరి మాట కావచ్చు. ఇలా ముగిసేవే మేము ఎక్కువగా చూస్తాం.

రెండో విధంగా అయితే, కొన్ని గంటల్లోనే పొట్ట బిగుస్తుంది, మలంలో రక్తపు చార కనబడుతుంది, ఆప్నియాలు పెరిగి మళ్ళీ వెంటిలేటర్ అవసరమవుతుంది, ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతాయి, ఎక్స్‌రేలో పేగు గోడలో బుడగలు తేటగా కనబడతాయి. అప్పుడు నెక్ అని ఖాయం చేస్తారు. వారం నుంచి పది రోజులు, కొన్నిసార్లు రెండు వారాల దాకా పాలు పూర్తిగా ఆపుతారు. ఆ రోజుల్లో పాపకు కావలసిన చక్కెర, ప్రొటీన్, కొవ్వు అన్నీ ఒక సన్నని పొడవాటి గొట్టం ద్వారా నేరుగా రక్తనాళంలోకి ఇస్తారు. యాంటీబయాటిక్ కొనసాగుతుంది. పిల్లల సర్జన్‌ను పిలుస్తారు. సర్జన్ వచ్చి చూశారంటే ఆపరేషన్ ఖాయమైందని కాదు. అవసరం పడే నిమిషం మించిపోకుండా పాప పరిస్థితి ఆయనకు ముందే తెలిసి ఉండాలని పిలుస్తారు. నెక్ వచ్చిన పిల్లల్లో సగానికి పైగా మందులతోనే కోలుకుంటారు. పేగుకు చిల్లు పడితే, లేదా ఎంత చేసినా పరిస్థితి దిగజారుతూనే ఉంటే అప్పుడు చెడిపోయిన భాగాన్ని తీసేయడమో, మరీ చిన్న పిల్లలైతే ముందు పొట్టలో ఒక చిన్న గొట్టం వేసి లోపలి మలినాన్ని బయటికి తీయడమో చేస్తారు.

మీరు చివర అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాలి. మంచి సదుపాయాలున్న ఐసీయూల్లో 28 వారాలకు పుట్టిన పిల్లల్లో పదింట తొమ్మిది మంది బతుకుతున్నారు. పాప మొదటి వారాన్ని దాటి, వెంటిలేటర్ నుంచి బయటపడిందంటే కష్టమైన ఘట్టాన్ని ఒకదాన్ని గెలిచింది, అది ఇప్పుడు వృథా కాదు. అయితే ఆ లెక్క వేలమంది పిల్లలది, ఈ రెండు రోజుల్లో మీ పాపకు ఏమవుతుందో అది చెప్పదు. వట్టి గ్యాసో కదలిక లోపమో అయితే ప్రాణానికి ముప్పు లేదు. ఇన్ఫెక్షన్ అయితే ముప్పు ఉంది, కానీ మందు తొందరగా పడింది. నెక్ అయి మందులతో తగ్గితే ఎక్కువమంది బతికి బయటపడతారు. నెక్ ముదిరి ఆపరేషన్ దాకా వెళ్ళిన ఇంత చిన్న పిల్లల్లో మాత్రం దాదాపు మూడోవంతు మందిని మేము కాపాడుకోలేకపోతున్నాం. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. మీరు సూటిగా అడిగారు కాబట్టి, మీకు ఇది అక్కడా ఇక్కడా వెతికి అర్ధరాత్రి ఒంటరిగా చదువుకునే కన్నా నా ద్వారా తెలియడమే మేలనిపించి రాశాను. మీ పాప ఇప్పటికి ఆ చివరి గుంపులో ఉందని చెప్పే సంగతి మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. ఈ జబ్బు కొన్ని గంటల్లోనే మారిపోగలదన్నది కూడా నిజమే. అందుకే మీ ఇద్దరి ఫోన్లూ దగ్గర ఉంచుకోండి, మీ నంబర్లు చార్టులో సరిగా ఉన్నాయో లేదో ఈ సాయంత్రమే చూసుకోండి.

డాక్టరును కలిసినప్పుడు “ఎలా ఉంది?” అని అడిగితే “అలాగే ఉంది” అన్న జవాబు తప్ప మరొకటి రావడం కష్టం. నిన్న రాత్రితో పోలిస్తే ఆప్నియాలు పెరిగాయా తగ్గాయా, వాటిలో ఎన్నిటికి గాలి ఇవ్వవలసి వచ్చింది, ట్యూబులోంచి వచ్చేది ఏ రంగులో ఉంది, రెండో ఎక్స్‌రేలో ఏం మారింది అని అడిగి చూడండి; మీకు నిజంగా పనికొచ్చే జవాబులు వస్తాయి. అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇంకొకటి ఉంది: “ఇప్పుడు మీకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఏది?” అని. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పే డాక్టర్లు చాలా తక్కువ. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తవాళ్ళను అడిగితే మాట మాటకూ తేడా వస్తుంది గనుక, రోజుకు ఒకసారి ఫలానా వేళకు ఫలానా డాక్టరే మాతో మాట్లాడాలని కోరండి. అది కోరడం మీ హక్కు, దానికి మొహమాట పడనవసరం లేదు. మీరు, మీ వారు ఇద్దరూ కలిసి వినండి. భయంలో ఒకరు విన్నది ఇంకొకరికి చెప్పేటప్పుడు సగం మారిపోతుంది.

పాపను ముట్టుకోవచ్చా అని మీరు అడగలేదు గానీ, ఇలాంటప్పుడు తల్లులు ఇంక్యుబేటర్‌కు దూరంగా జరిగిపోవడం చూస్తుంటాను. నర్సును అడిగి, చేతులు శుభ్రం చేసుకుని, ఒక అరచెయ్యి తల మీద, ఇంకొకటి మడిచిన పాదాల దగ్గర కదపకుండా ఆనించి ఉంచండి. నిమరకండి, తట్టకండి, నెలలు నిండని పిల్లలకు కదిలే స్పర్శ కన్నా నిలకడగా ఉన్న చెయ్యి నెమ్మదినిస్తుంది. పొట్టను మాత్రం తాకవద్దు. పాపను ఛాతీ మీద పడుకోబెట్టుకోవడం ఈ రెండు రోజులు ఆపి ఉండవచ్చు. పరిస్థితి కుదుటపడగానే ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టవచ్చో మీరే అడగండి. మీ పాలు ఒక్క చుక్క దూదితో పాప పెదవుల లోపలి వైపు అద్దడం కొన్ని ఐసీయూల్లో పాలు ఆపిన రోజుల్లో కూడా చేస్తారు, మీ దగ్గర కుదురుతుందేమో కనుక్కోండి.

పాలు మళ్ళీ మొదలైన రోజున మీరు ఎంతో ఆశ పెట్టుకుంటారు, అందుకని ఇది కూడా ముందే చెప్పడం మంచిది. మొదటి రెండు మూడు రోజులు ఒక మిల్లీలీటరు దగ్గరే ఆగవచ్చు, మధ్యలో ఒక పూట మళ్ళీ ఆపవచ్చు, ట్యూబులో కొద్దిగా పాలు మిగిలి ఉన్నాయనవచ్చు. పొట్ట మెత్తగా ఉండి, మిగిలినది పాల రంగులోనే ఉండి, పాప చురుకుగా ఉంటే జబ్బు తిరగబెట్టిందని అనుకోనక్కరలేదు. ఒకవేళ నెక్ అని ఖాయమై కోలుకున్న పాప అయితే, కొన్ని వారాల తరువాత, ఒక్కోసారి రెండు మూడు నెలల తరువాత కూడా, వాచి మానిన చోట పేగు ఇరుకై పాలు ముందుకు పోకపోవచ్చు. అప్పటికి మీరు ఇంట్లో ఉండవచ్చు. పొట్ట ఉబ్బి, పాప ఆకుపచ్చగా కక్కినా, మలంలో రక్తం పడినా తెల్లవారేదాకా ఆగకుండా, డిశ్చార్జి కాగితాలు చేత పట్టుకుని, పాపకు నెక్ వచ్చి తగ్గిందన్న సంగతి మొదటి మాటగా చెబుతూ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.